నాలుక ఫొటోలో ఏమి చూడాలి? పాచిని కాదు, పాచి కింద ఉన్నదాన్ని

ఈ మధ్య ఓపీకి వచ్చేవారిలో చాలామంది సెల్‌ఫోన్‌లో నాలుక ఫొటోలు తీసుకొని వస్తున్నారు. "డాక్టరు గారూ, నాలుక తెల్లగా పాచి పట్టింది, ఏదైనా పెద్ద జబ్బా?" అన్నది మేము తరచుగా వినే ప్రశ్న. చాలాసార్లు ఆ తెల్ల పాచి భయపడవలసినది కాదు. పాచి ఏమీ లేకుండా, ఎర్రగా, నున్నగా, "శుభ్రంగా" కనిపించే నాలుకే కొన్నిసార్లు రక్తంలోను నరాలలోను పెరుగుతున్న లోపాన్ని తెలియజేస్తుంది. కాని ఆ నాలుకను ఫొటో తీసి తెచ్చేవారు తక్కువ. అందుకే ఈ సంచికలో నాలుగు ఫొటోల సహాయంతో ఈ తేడాను వివరిస్తున్నాము.

నాలుక మీద పాచి ఎక్కడ నుండి వస్తుంది?

అద్దం ముందు నాలుక చాపి చూడండి. పైభాగమంతా సన్నని ముఖమల్ గుడ్డలా కనిపిస్తుంది. అది లక్షణంగా ఉన్న నాలుక. ఆ ముఖమల్‌కు కారణం సూదిమొనల్లాంటి అతి చిన్న బుడిపెలు. ఒక్కొక్క బుడిపె కొన మీద మన గోరు, వెంట్రుకలలో ఉండేలాంటి గట్టి పొర కొద్దిగా ఉంటుంది. మనం అన్నం నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు ఆ కొనలు అరిగి రాలిపోతాయి, కింద నుండి కొత్తవి వస్తాయి. ఈ అరుగుదల, పెరుగుదల సమానంగా జరిగినంతకాలం నాలుక గులాబీ రంగులో, పైన పల్చని తెలుపుతో ఉంటుంది.

అరుగుదల తగ్గితే కొనలు పొడవవుతాయి. వాటి మధ్య ఆహారపు రేణువులు, క్రిములు, రాలిన కణాలు చేరతాయి. అదే మనం చూసే పాచి. పెరుగుదల ఆగిపోతే బుడిపెలు అరిగిపోయి నాలుక బోడిగా, నున్నగా మారుతుంది. మొదటిది సాధారణంగా నోటి వరకే పరిమితమైన విషయం. రెండవది చాలాసార్లు శరీరం లోపల జరుగుతున్న విషయం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింది ఫొటోలన్నీ సులభంగా అర్థమవుతాయి.

1వ ఫొటో: మందంగా తెల్ల పాచి

ఈ నాలుక మధ్యభాగం, వెనుకభాగం తెల్లగా, కొంచెం పసుపుగా ఉన్నాయి. అంచులు, కొన మాత్రం మామూలు గులాబీ రంగులోనే ఉన్నాయి. జ్వరం వచ్చి నాలుగు రోజులు గంజి, జావ మాత్రమే తాగినవారిలో, ఉపవాసం ఉన్నవారిలో, నోరు తెరుచుకొని నిద్రపోయేవారిలో, నీళ్లు తక్కువగా తాగేవారిలో, బీడీ, సిగరెట్టు, చుట్ట తాగేవారిలో ఇలా కనిపిస్తుంది. నమిలే పని లేక, లాలాజలం తగ్గి, బుడిపెల కొనలు అరగకపోవడమే కారణం. దీనికి మందులు అవసరం లేదు. ఎప్పటిలా అన్నం తినడం మొదలుపెట్టి, నీళ్లు సరిగా తాగి, ఉదయం నాలుక బద్దతో మెత్తగా రెండు మూడుసార్లు గీచుకుంటే కొద్ది రోజులలో తగ్గిపోతుంది. రక్తం వచ్చేలా గీకకూడదు.

కొందరిలో ఇదే పాచి నల్లగా, గోధుమ రంగులో, వెంట్రుకలు మొలిచినట్లుగా కనిపించి ఇంటిల్లిపాదినీ భయపెడుతుంది. అవి వెంట్రుకలు కావు, అరగకుండా పొడవైన బుడిపెలే. పొగాకు, ఎక్కువగా తాగే టీ కాఫీలు, కొన్ని యాంటీబయాటిక్ మందులు వాడిన తరువాత నోటిలో మారిన క్రిములు వాటికి ఆ రంగు వేస్తాయి. ఐరన్ టానిక్కు తాగినా నాలుక నల్లబడవచ్చు. చూడటానికి భయంకరంగా ఉన్నా ఇది సాధారణంగా ప్రమాదం లేనిదే.

2వ ఫొటో: పెరుగు విరిగినట్లు తెల్లని పొర

దీన్ని 1వ ఫొటోతో పోల్చి చూడండి. రెండూ తెలుపే. కాని ఇక్కడ తెలుపు ఒకే పరుపులా లేదు, పాలవిరుగుడు ముక్కలు అతికించినట్లు అక్కడక్కడా ఉంది. నాలుక మీదనే కాక బుగ్గల లోపల, అంగిలి మీద కూడా ఉంది. శుభ్రమైన తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే ఆ పొర ఊడివస్తుంది, దాని కింద ఎర్రటి, మండే చర్మం కనిపిస్తుంది. ఒక్కోసారి చుక్క రక్తం కూడా వస్తుంది. మామూలు పాచి కింద ఇలా పుండులాంటి ఎరుపు ఉండదు. ఇది కాండిడా అనే ఫంగస్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్.

దీనికి నోటిలో పూసుకునే ఫంగస్ మందును వైద్యులు రాస్తారు. తగ్గినట్లు కనిపించగానే ఆపకుండా, చెప్పినన్ని రోజులూ వాడాలి. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న, ఈ ఫంగస్‌కు ఈ నోటిలో చోటెందుకు దొరికింది అన్నది. ఆస్తమాకు పీల్చే స్టీరాయిడ్ మందు వాడి నోరు పుక్కిలించకపోవడం, రాత్రిపూట కూడా కట్టుడు పళ్లు తీయకుండా పడుకోవడం, ఇటీవల యాంటీబయాటిక్స్ వాడటం, అదుపులో లేని షుగరు తరచుగా కనిపించే కారణాలు. ఇవేవీ లేని పెద్దవారిలో వస్తే షుగరు పరీక్షతో పాటు హెచ్ఐవీ పరీక్ష కూడా చేయించుకోమని సలహా ఇస్తాము. ఇది ఎవరినీ అనుమానించడం కాదు. ముందుగా తెలిస్తే మందులతో ఆరోగ్యంగా జీవించవచ్చు కాబట్టే అడుగుతాము. మింగేటప్పుడు ఛాతీలో నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ అన్నవాహికలోకి దిగి ఉండవచ్చు, అప్పుడు పూతమందు సరిపోదు, వెంటనే రావాలి.

3వ ఫొటో: పటం గీసినట్లున్న నాలుక

ఈ నాలుక మీద ఎర్రని నున్నని మచ్చలు, వాటి చుట్టూ తెల్లని సన్నని గట్టు, మొత్తంగా దేశపటంలా ఉంది. వారం తరువాత తీసిన ఫొటోలో మచ్చలు వేరే చోటికి జరిగాయి. ఇలా స్థలం మారడమే దీని గుర్తు. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరు కాదు, విటమిన్ మాత్రలతో తగ్గేది కూడా కాదు. కారం, పులుపు తగిలినప్పుడు కొంత మంట ఉండవచ్చు. సంవత్సరాల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. దీనిని ఇక్కడ ఇవ్వడానికి కారణం, చాలామంది దీనిని తరువాతి ఫొటోతో కలిపి చూసి పొరబడటమే.

4వ ఫొటో: పాచి లేని నున్నని నాలుక

ఈ ఫొటోను చాలామంది "శుభ్రమైన నాలుక" అనుకుంటారు. మరోసారి చూడండి. ముఖమల్ లేదు. నాలుక ఎర్రగా, మెరుస్తూ, పచ్చిమాంసంలా ఉంది. కొన, అంచుల దగ్గర పూర్తిగా బోడిగా ఉంది. ఈ నున్నదనం 3వ ఫొటోలోలాగా చోటు మారదు, వారాల తరబడి అలాగే ఉండి మెల్లగా వ్యాపిస్తుంది. ఈమెకు పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, చప్పిడి కూడు మాత్రమే తినగలుగుతున్నది.

నాలుక పైపొర చాలా వేగంగా పాతది పోయి కొత్తది వచ్చే చోటు. కొత్త కణాలు పుట్టాలంటే విటమిన్ బి12, ఫోలిక్ యాసిడ్, ఐరన్ కావాలి. వీటిలో ఏది తగ్గినా, వేగంగా పని జరిగే చోట్లనే ముందుగా లోటు కనిపిస్తుంది. నాలుక, రక్తం అలాంటి చోట్లు. ఐరన్ లోపంలో నాలుక నున్నగా ఉన్నా సాధారణంగా పాలిపోయి ఉంటుంది. బి12, ఫోలిక్ యాసిడ్ లోపాలలో ఎర్రగా మండుతూ ఉంటుంది. అయితే ఈ రంగు తేడా మీద పూర్తిగా ఆధారపడకూడదు, రెండు లోపాలు కలిసి ఉండటం మన దగ్గర మామూలే.

ఒక ఉదాహరణను వివరంగా చూద్దాము

4వ ఫొటోలోలాంటి నాలుకతో వచ్చిన 57 ఏళ్ల తల్లిని తీసుకుందాము. తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ మాత్రలు పూటకు 1000 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నది. గ్యాస్ కోసం రోజూ పరగడుపున ఒక మాత్ర కూడా నాలుగేళ్లుగా వాడుతున్నది. నాలుక మండుతున్నదని మూడు నెలల క్రితం చెబితే, రక్తం 8.9 ఉందని చూసి ఐరన్, 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు వాడింది. రక్తం 10.8 కి పెరిగింది. నాలుక మంట కొంచెం తగ్గింది. ఇంట్లోవారు సంతోషించారు.

కాని అరికాళ్ల తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. చెప్పులు కాలి నుండి జారిపోయినా తెలియడం లేదు. రాత్రిపూట కరెంటు పోయినప్పుడు పెరటిలో నడిస్తే తూలిపోతున్నది. "షుగరు ఉన్నవారికి తిమ్మిర్లు సహజమే" అని అందరూ అనుకున్నారు.

ఇక్కడ మాకు మూడు సంగతులు కలిసి కనిపిస్తాయి. ఒకటి, నాలుక కొన ఇంకా నున్నగానే ఉంది. రెండు, కళ్లు మూసుకొని నిలబడమంటే ఊగిపోతున్నది, కంపించే ఫోర్కును చీలమండ మీద పెడితే కంపనం తెలియడం లేదు. మూడు, వాడుతున్న మందులు. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే పేగులలో బి12 ఇంకడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, ఆ ఆమ్లం లేనిదే మాంసం, గుడ్డులోని బి12 విడివడదు. ఈమె వారానికి రెండుసార్లు మాంసాహారం తింటున్నది, కాని తిన్నది ఒంటికి పట్టడం లేదు.

రక్తకణాల పరిమాణం చూపే ఎంసీవీ 97 వచ్చింది. అది మామూలే. బి12 లోపంలో రక్తకణాలు పెద్దవై ఎంసీవీ 100 దాటాలి కదా అని ఎవరైనా అనవచ్చు. కాని ఫోలిక్ యాసిడ్ మాత్రలు రక్తాన్ని చాలావరకు సరిచేశాయి, పైగా ఐరన్ లోపం కణాలను చిన్నవి చేస్తుంది. పెద్దది, చిన్నది కలిసి సగటు మామూలుగా కనిపించింది. బి12 పరీక్ష చేస్తే 118 వచ్చింది. సాధారణంగా 200 కంటే తక్కువైతే లోపం అంటాము.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎందుకు చాలదు?

ఫోలిక్ యాసిడ్ కథలో మన తెలుగువారికి ఒక స్థానం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించినప్పుడే, 1945లో, ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేయగలిగారు. అది ఎందరో రోగులలో రక్తాన్ని తిరిగి నిలబెట్టింది. అయితే ఆ తరువాత కొద్ది కాలానికే వైద్యులు ఒక విషయం గమనించారు. బి12 లోపమున్న రోగులకు ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నాలుక కూడా మెరుగుపడుతుంది, కాని వెన్నుపాము, నరాల దెబ్బ ఆగదు. బి12ను 1948లో విడిగా తీయగలిగిన తరువాతనే ఆ నరాలకు సరైన మందు దొరికింది.

కారణం ఇది. రక్తకణాలు పుట్టడానికి బి12 చేసే పనిని ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ కొంతవరకు చేయగలదు. నరాల మీద ఉండే తొడుగును కాపాడటంలో మాత్రం బి12 స్థానాన్ని అది తీసుకోలేదు. అందువలన నున్నని నాలుకకు మందుల షాపులో అడిగి ఫోలిక్ యాసిడ్ మాత్రలు కొనుక్కోవడం ప్రమాదం. హెచ్చరిక గంట ఆగిపోతుంది, మంట మాత్రం లోపల మండుతూనే ఉంటుంది.

చికిత్స ఎలా సాగింది?

ముందుగా రక్తం తీసి పరీక్షకు పంపి, ఆ తరువాతే బి12 ఇంజెక్షను మొదలుపెట్టాము. ఈ వరుస ముఖ్యం. ఇంజెక్షను చేయించుకున్న తరువాత పరీక్ష చేస్తే అంకె ఎక్కువగా వస్తుంది, అసలు లోపం ఉందో లేదో తెలియదు. 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షను రెండు వారాలపాటు రోజు విడిచి రోజు, తరువాత నెలపాటు వారానికొకటి, ఆపైన నెలకొకటి ఇచ్చాము. మెట్‌ఫార్మిన్ ఆపలేదు. షుగరు అదుపు తప్పితే నరాలకు అదొక దెబ్బ. మెట్‌ఫార్మిన్ వాడుతూనే బి12 చూసుకోవచ్చు. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమా అని పరిశీలించి మెల్లగా తగ్గించాము.

నాలుక మంట మూడు వారాలలో పోయింది. ఆరవ వారం ఫొటోలో ముఖమల్ తిరిగి మొలవడం కనిపించింది. తూలడం మూడు నెలలలో తగ్గింది. తిమ్మిర్లు ఆరు నెలలకు చాలావరకు తగ్గాయి గాని, కాలివేళ్ల కొనలలో మొద్దుబారడం మిగిలిపోయింది. నాలుక త్వరగా కోలుకుంటుంది, నరాలు నెమ్మదిగా కోలుకుంటాయి, ఆలస్యమైతే కొంత నష్టం తిరిగి రాదు. మొదటి రోజునే బి12 చూసి ఉంటే ఆ మూడు నెలలు పోయేవి కావు.

పెద్దవారికి రోజుకు కావలసిన బి12 రెండు మైక్రోగ్రాములకు కొంచెం ఎక్కువ మాత్రమే. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే లోపం ఏళ్ల తరువాత మెల్లగా బయటపడుతుంది. ఇది మాంసం, కాలేయం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులలో లభిస్తుంది. ఆకుకూరలు, మునగాకు, రాగులు మంచివే, కాని వాటిలో బి12 దొరకదు. పూర్తిగా శాకాహారులు, కడుపు ఆపరేషను అయినవారు, పైన చెప్పిన మందులు ఏళ్ల తరబడి వాడేవారు నాలుక మండే వరకు ఆగకుండా బి12 పరీక్ష గురించి వైద్యులను అడగాలి.

ఫొటో ఎలా తీయాలి?

ఫొటో మాకు ఎంతో ఉపయోగపడుతుంది, ముఖ్యంగా వారం వారం తీసి పోల్చినప్పుడు. కాని సరిగా తీయకపోతే మోసం చేస్తుంది. కిళ్ళీ, కాఫీ, పసుపు వేసిన కూర, రంగు మిఠాయి తిన్న గంటలోపు తీయవద్దు. నీళ్లతో పుక్కిలించి, కిటికీ పక్కన పగటి వెలుతురులో నిలబడి తీయండి. ట్యూబులైటు కింద తీస్తే నాలుక పాలిపోయినట్లు, పసుపు బల్బు కింద తీస్తే పాచి పచ్చబడినట్లు కనిపిస్తుంది. ఫ్లాషు వేస్తే తడి మెరుపును నున్నదనం అనుకోవలసి వస్తుంది. ముఖం అందంగా చూపే సెట్టింగు ఆపేయండి. పెదవులు, పళ్లు కూడా ఫొటోలో పడాలి, పళ్ల తెలుపుతో పోల్చితే రంగు ఎంత నిజమో మాకు తెలుస్తుంది. నాలుకను బలంగా సాగదీయకుండా వదులుగా చాపండి, బిగిస్తే కొన తెల్లబడుతుంది. పైభాగం ఒకటి, రెండు పక్కలవి రెండు, మొత్తం మూడు ఫొటోలు చాలు. తీసే ముందు ఆ రోజు నాలుక గీచుకోవద్దు.

ఎంత బాగా తీసినా ఫొటో చెప్పలేనివి ఉన్నాయి. తెలుపు తుడిస్తే పోతుందా లేదా అన్నది ఫొటోలో తెలియదు. చేతితో తాకితే గట్టిగా ఉందా అన్నదీ తెలియదు. రక్తహీనత ఎంత ఉందో ఫొటోను చూసి ఎవరూ చెప్పలేరు, దానికి రక్తపరీక్షే కావాలి.

ఎప్పుడు ఆగకుండా రావాలి?

తుడిచినా పోని తెల్ల మచ్చ, లేదా తెలుపు ఎరుపు కలిసిన మచ్చ, ముఖ్యంగా నాలుక పక్కభాగంలో, రెండు వారాలు దాటినా ఉంటే ఫొటో పంపి జవాబు కోసం ఎదురుచూడవద్దు, నేరుగా రండి. గుట్కా, ఖైనీ, జర్దా, చుట్ట అలవాటు ఉన్నవారిలో ఇది క్యాన్సరుకు ముందు దశ కావచ్చు, చిన్న ముక్క తీసి పరీక్షించాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, మొదట్లో నొప్పి ఉండదు. మానని పుండు, చేతికి తగిలే గట్టిదనం, మెడలో గడ్డ ఉన్నా అంతే.

నున్నని ఎర్ర నాలుకతో పాటు కాళ్ల తిమ్మిర్లు, తూలడం, మతిమరుపు, ఆయాసం ఉంటే ఆ వారంలోనే రండి. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, షాపులో కొన్నవి కూడా, ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. బి12 ఇంజెక్షను ఇప్పటికే చేయించుకొని ఉంటే ఏ తేదీన చేయించుకున్నారో రాసి తెండి. పైన చెప్పిన తల్లి విషయంలో రోగం బయటపడింది ఆమె తెచ్చిన మాత్రల సంచి చూసినప్పుడే.